బస్సు పోయేదాంక ఆగు: ఒక్క మాట చాలు

జనవరి వస్తే బడుల్లో రోడ్డు భద్రత కార్యక్రమాలు మొదలవుతాయి. ఒకప్పుడు పిల్లలచేత చార్టులు గీయించేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లు వచ్చాక చిన్న యానిమేషన్ చిత్రం తీయించమంటున్నారు. మంచిదే. కానీ చార్టు మీద పది సూత్రాలు రాసే అలవాటు చిత్రంలోకి కూడా వచ్చేసింది. హెల్మెట్ పెట్టుకో, ఎడమవైపున నడువు, జీబ్రా గీతల మీద దాటు, ఫోన్ చూడకు, ఎర్రదీపం పడితే ఆగు, తాగి నడపకు: ఇవన్నీ అర నిమిషంలో వరుసగా వచ్చిపోతాయి. చూసిన పిల్లవాడికి చివరికి మిగిలేది "రోడ్డు మీద జాగ్రత్తగా ఉండాలి" అన్న మాట ఒక్కటే. ఆ సంగతి చిత్రం చూడకముందే వాడికి తెలుసు. అందుకే, ఒక చిత్రానికి ఒకటే మాట, ఆ మాటకు తగినట్టు రేపు పొద్దున చేయగలిగిన పని ఒకటే ఉండాలని మేము గట్టిగా నమ్ముతున్నాం.

ఆ ఒక్క మాట ఏదో పుస్తకంలోంచి ఏరుకోకూడదు. మన పిల్లలు బడికి వచ్చే దారిలో వెతకాలి. హోసూరు, డెంకణికోట, శూలగిరి చుట్టుపక్కల పల్లెల నుంచి మన బడులకు వచ్చే పిల్లల్లో చాలామంది ఎక్కేది టౌన్ బస్సు లేదా మినీ బస్సు. వాళ్ళలో హెల్మెట్ పెట్టుకొని బండి నడిపేవాళ్ళు లేరు. సిగ్నల్ దీపాలు ఉన్న కూడలి దాటేవాళ్ళు తక్కువ. కానీ ప్రతి బిడ్డా రోజుకు రెండుసార్లు బస్సు దిగుతాడు. ఆ రెండింటిలో ఒకసారైనా ఊరో బడో రోడ్డుకు అవతలి పక్కనే ఉంటుంది. దిగిన వెంటనే నిలబడి ఉన్న బస్సు ముందునుంచి చుట్టుకొని అవతలికి పరుగెత్తడం మన పిల్లలందరికీ అలవాటు. బస్సు కదలకముందే దాటేస్తే పని అయిపోయిందని వాళ్ళ లెక్క. ప్రమాదం ఉన్నది అక్కడే.

ఆ ప్రమాదం ఎలా జరుగుతుందో ముందు మనకు స్పష్టంగా తెలియాలి. అది తెలియకపోతే బొమ్మలో ఏం చూపించాలో తెలియదు. మన దేశంలో బండ్లు ఎడమవైపున నడుస్తాయి కాబట్టి బస్సు ఎడమ అంచున ఆగుతుంది, తలుపు ఎడమ పక్కనే ఉంటుంది. దిగిన పిల్ల బస్సు ముందునుంచి వస్తే, బస్సు కుడి పక్కగా దాటి వచ్చే మోటారు సైకిల్‌కు ఆమె కనబడదు, అది ఆమెకు కనబడదు. మధ్యలో గోడలాగా బస్సు ఉంటుంది. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు వస్తుంది. పిల్లను చూసి, మెదడుకు తట్టి, చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి సుమారు ఒక సెకను. ఆ సెకనులోనే 11 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి మరో 9, 10 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు. మామూలు బస్సు పొడవు 11, 12 మీటర్లు. అంటే పిల్ల బస్సు చాటు నుంచి అడుగు బయటపెట్టేటప్పటికి బండి బస్సు వెనక అంచు దగ్గర ఉందనుకుంటే, నడిపేవాడు ఎంత మంచివాడైనా, ఎంత మెలకువగా ఉన్నా ఆపలేడు. బ్రేకు పట్టుకునే సరికే బండి ఆమె దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

బస్సు వెనకనుంచి దాటితే మేలు కదా అని కొందరు పెద్దలు చెబుతుంటారు. అలా దాటితే బస్సు వెనకనుంచి వచ్చే బండి కనబడుతుంది, నిజమే. కానీ ఎదురు దిక్కునుంచి అవతలి పక్కన వచ్చే బండి కనబడదు. గోడ అదే, చాటు మాత్రం రెండో పక్కకు మారింది. రెండు చాటులూ పోవాలంటే దారి ఒక్కటే: ఆ గోడను పోనివ్వాలి. బస్సు ముందుకు పోయాక రోడ్డు రెండు పక్కలా తెరుచుకుంటుంది. అప్పుడు కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూసి దాటవచ్చు. ముందు కుడివైపే ఎందుకంటే మన పాదాలకు దగ్గరగా వచ్చే బండ్లు కుడివైపునుంచే వస్తాయి. ఇంత కథకూ సారం మూడు ముక్కలే: బస్సు పోయేదాంక ఆగు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. చిత్రం తీయాలనుకున్న ఉపాధ్యాయులు ముందు చేసే పని ఇంటర్నెట్‌లో నమూనాలు వెతకడం. అక్కడ ఎక్కువగా దొరికేవి అమెరికా పసుపు రంగు స్కూలు బస్సుల బొమ్మలు. వాటిలో పిల్లలు దిగి, బస్సుకు పది అడుగులు ముందుకు నడిచి, డ్రైవరు చెయ్యి ఊపాక బస్సు ముందునుంచే దాటుతారు. అక్కడ అది సరైన పని. ఎందుకంటే ఆ బస్సుకు పక్కనుంచి ఆగమనే పలక బయటికి వస్తుంది, ఎర్ర దీపాలు వెలుగుతాయి, అప్పుడు వెనకనున్న బండ్లు ఆగి తీరాలని అక్కడి చట్టం. మన టౌన్ బస్సు ఆగితే వెనకనున్న బండి ఆగదు, పక్కనుంచి ఇంకా వేగంగా దాటుతుంది. కాబట్టి ఆ చిత్రానికి తెలుగు మాటలు అతికించి చూపిస్తే, చేయకూడని పనినే మన పిల్లలకు నేర్పినవాళ్ళమవుతాం. పైగా అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి, ముందు ఎడమకు చూడమని చెబుతారు. అదీ మనకు తిరగబడుతుంది. సొంతంగా గీసుకోమని మేము చెప్పడం అందుకే.

మా ఎనిమిదో తరగతి పిల్లలు ఈ పనికి కూర్చున్నప్పుడు మొదటిరోజు బోర్డు మీద పన్నెండు సూత్రాలు రాశారు. ఒక్కో సూత్రానికి మూడు ప్రశ్నలు వేయమన్నాం. ఇది ఎవరికి చెబుతున్నాం? వాళ్ళు రేపే, సొంతంగా, ఒక్క పైసా ఖర్చు లేకుండా చేయగలరా? చేశారో లేదో మనం రోడ్డు పక్కన నిలబడి కళ్ళతో చూడగలమా? "వేగంగా నడపరాదు" అన్నది పిల్లలకు చెప్పే మాట కాదు కాబట్టి పోయింది. "జీబ్రా గీతల మీద దాటాలి" అన్నది మా స్టాపు దగ్గర ఆ గీతలే లేవు కాబట్టి పోయింది. "జాగ్రత్తగా ఉండాలి" అన్నది చూడగలిగిన పని కాదు కాబట్టి పోయింది. మూడు ప్రశ్నలకూ నిలిచింది బస్సు మాట ఒక్కటే. మిగతా పదకొండూ చెడ్డవి కావు. వాటిలో పనికొచ్చే వాటికి వేరే చిత్రాలు తీసుకోవచ్చు. ఒకే చిత్రంలో ఇరికిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి.

తర్వాత ఆ మాటను ముప్పై సెకన్ల కథగా విడదీయాలి. మా పిల్లలు ఆరు దృశ్యాలుగా విడదీశారు. మొదటి ఐదు సెకన్లలో బస్సు వచ్చి ఆగుతుంది, ఇద్దరు పిల్లలు దిగుతారు. తర్వాత నాలుగు సెకన్లలో ఒక పాప బస్సు ముందుకు పరుగెత్తి, బస్సు అంచు దాటడానికి కాలు ఎత్తుతుంది, బొమ్మ అక్కడ ఆగిపోతుంది. మూడో దృశ్యం ఏడు సెకన్లు. అది పైనుంచి, కొమ్మ మీది కాకి చూసినట్టు కనబడుతుంది. వెనకనుంచి మోటారు సైకిల్ వస్తుంటుంది. నడిపేవాడి కళ్ళనుంచి పసుపు కాగితం పట్టీ ఒకటి సాగి బస్సుకు తగిలి ఆగిపోతుంది. పాప కళ్ళనుంచి సాగిన పట్టీ కూడా బస్సుకే తగులుతుంది. రెండు చూపులూ కలవవు. నాలుగో దృశ్యం ఆరు సెకన్లు: పాప కాలు వెనక్కి తీసుకొని రోడ్డు అంచునుంచి రెండడుగులు వెనక్కి వస్తుంది, మోటారు సైకిల్ పక్కనుంచి దూసుకుపోతుంది, బస్సు కదిలి పోతుంది. ఐదోది నాలుగు సెకన్లు: ఖాళీ రోడ్డు, పాప కుడి, ఎడమ, కుడి చూస్తుంది. చివరి నాలుగు సెకన్లలో ఇద్దరూ నడిచి దాటుతారు, గొంతు వినబడుతుంది.

ఈ వరుసలో ప్రాణం మూడో దృశ్యంలో ఉంది. యానిమేషన్ ఎందుకు, మామూలుగా ఫోన్‌తో వీడియో తీస్తే సరిపోదా అని అడిగేవాళ్ళకు జవాబు కూడా అదే. చూపు ఎక్కడ ఆగిపోతుందో కెమెరా పట్టలేదు, కాగితం పట్టగలదు. పైగా నిజమైన రోడ్డు మీద పిల్లలను బస్సు ముందుకు పంపి వీడియో తీయించడం ఎవరూ చేయకూడని పని.

ఢీకొట్టే దృశ్యం పెడదామని పిల్లలు పట్టుబడతారు. మా పిల్లలూ పట్టుబట్టారు. వద్దన్నాం. దెబ్బ తగిలే బొమ్మ చూసిన చిన్నపిల్లలు ఆ దెబ్బనే గుర్తుపెట్టుకొని ఒకరికొకరు చెప్పుకుంటారు. దాని ముందు ఏం చేయాల్సిందో జారిపోతుంది. 2012లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ రైలు సంస్థ "డంబ్ వేస్ టు డై" అనే మూడు నిమిషాల యానిమేషన్ పాట విడుదల చేసింది. ప్రపంచమంతా పాడుకుంది, బహుమతులు వచ్చాయి. కానీ అందులో వచ్చే వింత చావులన్నిటిలో రైలుకు సంబంధించినవి చివరి మూడే. పాట పేరు తెలిసినవాళ్ళను, ఇంతకీ ఏం చేయమన్నారని అడిగి చూడండి. పేరు రావడం వేరు, పని జరగడం వేరు. బడి చిత్రానికి పేరు అక్కర్లేదు.

ఇక తీయడం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. మందపాటి కాగితంతో బస్సు, పిల్లలు, మోటారు సైకిల్ కత్తిరించాలి. చేతులు, కాళ్ళు విడిగా కత్తిరించి దారం ముడితో కలిపితే కదులుతాయి. బల్ల మీద చార్టు పరిచి రోడ్డు గీయాలి. రెండు పక్కలా పుస్తకాల దొంతరలు పెట్టి, వాటి మీద అడ్డంగా స్కేళ్ళు కట్టి, ఫోన్‌ను కిందికి చూసేట్టు టేపుతో బిగించాలి. ఫోటోలను వరుసగా కలిపే స్టాప్ మోషన్ యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. సెకనుకు 12 ఫోటోలు చాలు. ముప్పై సెకన్లకు 360 అవుతాయి. బొమ్మ కదలకుండా నిలిచే చోట ఒకే ఫోటోను మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు కాబట్టి నిజంగా తీయాల్సినవి రెండువందల యాభైకి మించవు. నలుగురు పిల్లలకు రెండు శనివారాల పని.

కదలికలో కిటుకు ఒకటే ఉంది. బస్సును ప్రతి ఫోటోకూ సెంటీమీటరు జరుపుతూ పోయి హఠాత్తుగా ఆపితే గోడకు గుద్దుకున్నట్టు ఉంటుంది. ఆగబోయే ముందు జరుపుడు తగ్గించుకుంటూ రావాలి: పది మిల్లీమీటర్లు, ఏడు, ఐదు, మూడు, రెండు, ఒకటి. అప్పుడు బ్రేకు పడినట్టు కనబడుతుంది. పాప కాలు ఎత్తి ఆగిన చోట పన్నెండు ఫోటోల సేపు, అంటే పూర్తిగా ఒక సెకను, ఏదీ కదలకూడదు. పిల్లలు ఈ నిలకడను ఎప్పుడూ తగ్గించేస్తారు. తీసేవాళ్ళకు కథ తెలుసు కాబట్టి విసుగు. చూసేవాడికి మాత్రం ఇదే ప్రమాదం అని పోల్చుకోవడానికి ఆ సెకను కావాలి. అలాగే నాలుగో దృశ్యంలో బస్సు పోయేదాకా ఆగడం చూసేవాడికి కొంచెం పొడుగ్గా అనిపించాలి. చెబుతున్నది ఆగమని. ఆగడాన్ని కత్తిరించి చూపిస్తే మాటకు అర్థం ఉండదు.

చెడిపోయేది ఎక్కువగా వెలుతురు వల్ల. కిటికీ పక్కన తీస్తే మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ చీకటై, మళ్ళీ వెలుగై, చిత్రమంతా మిణుకుమిణుకుమంటుంది. కిటికీలు మూసి దీపం వెలుతురులోనే తీయాలి. ఫోన్‌లో ఫోకస్‌ను, వెలుతురును లాక్ చేయాలి. ఫోటో తీయడానికి తెరను తాకితే ఫోన్ కదులుతుంది. ఇయర్‌ఫోన్ తీగ మీది బటన్‌తో తీస్తే కదలదు. ఇంకో పొరపాటు దిక్కులది. బస్ స్టాపు పక్కనుంచి చూస్తున్నట్టు గీస్తే బస్సు తెర మీద కుడినుంచి ఎడమకు రావాలి. అప్పుడే తలుపు మనవైపు ఉంటుంది. ఎడమనుంచి కుడికి నడిపిస్తే తలుపు రోడ్డు మధ్యకు వస్తుంది. పెద్దలు గమనించరు. రోజూ ఆ బస్సు ఎక్కే పిల్లలు మాత్రం "ఇది మన బస్సు కాదు" అని వెంటనే పట్టేస్తారు. మనది కాని బస్సు చెప్పే మాటను వాళ్ళు మనదిగా తీసుకోరు.

మాటల విషయంలో మన బడులు ఇంకొంచెం ఆలోచించాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బస్సు బోర్డు తమిళంలో చదువుతారు, సంతలో కన్నడం వింటారు. "బస్సు నిష్క్రమించు వరకు వేచియుండుము" అని పెడితే అది పరీక్ష పేపరులా ఉంటుంది. "బస్సు పోయేదాంక ఆగు. పోయినాకే దాటు." ఇది పిల్లల నోట వచ్చే మాట. అందుకే ఐదో తరగతి పాప గొంతుతోనే చెప్పించాం. ముప్పై సెకన్లలో మాటలు ముప్పై దాటకూడదు. మూడో దృశ్యంలో అసలు మాటే వద్దు, మోటారు సైకిల్ చప్పుడు చాలు. తెర మీద అక్షరాలు కూడా చివరి మాట ఒక్కటే, కనీసం మూడు సెకన్లు నిలవాలి. అలా తీస్తే ఇంకో లాభం ఉంది. పక్కనున్న తమిళ బడి వాళ్ళు, సరిహద్దు అవతలి కన్నడ బడి వాళ్ళు చివరి వాక్యం మాత్రం మార్చుకొని అదే చిత్రాన్ని వాడుకోవచ్చు. బస్సు చాటుకు భాష లేదు కదా.

చిత్రం పనిచేసిందో లేదో తెలుసుకునే తీరు కూడా ముందే అనుకోవాలి. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. మొదటి పరీక్షకు గొంతు తీసేసి మూడో తరగతి పిల్లలకు చూపించాలి. "రేపు బస్సు దిగినాక ఏం చేస్తావు పాపా?" అని ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. "జాగ్రత్తగా పోతా టీచర్" అంటే చిత్రం ఇంకా పూర్తి కాలేదన్నమాట. "బస్సు పోయేదాంక నిలబడతా" అంటే అందింది. మా పిల్లలు మొదట కూర్చిన దానికి ఎక్కువగా వచ్చిన జవాబు "బండి వస్తే పరుగెత్తాలి" అని. కారణం వెతికితే, పాప వెనక్కి వచ్చే కదలిక చాలా వేగంగా ఉండి, భయపడి పారిపోతున్నట్టు కనబడింది. ఆ ఒక్క చోట ఆరు ఫోటోలను పదిహేను చేశాక జవాబు మారింది. రెండో పరీక్ష బస్ స్టాపు దగ్గర. చిత్రం చూపించడానికి ముందు వారం, చూపించిన తర్వాతి వారం, మళ్ళీ నెల తర్వాత, సాయంత్రం బస్సు దిగిన పిల్లల్లో ఎంతమంది ఆగారు, ఎంతమంది బస్సు ముందునుంచి పోయారు అని ఒక ఉపాధ్యాయుడు నోటు పుస్తకంలో గీతలు పెట్టుకుంటే చాలు. నెల తర్వాత గీతలు పాత లెక్కకే తిరిగి వస్తే చిత్రాన్ని మళ్ళీ చూపించాలి. గోడకు అంటించిన చార్టులాగా ఒకసారితో వదిలేస్తే పిల్లల కాళ్ళు పాత అలవాటుకే పోతాయి.

దీనికి ఉన్న హద్దు కూడా చెప్పుకోవాలి. బస్సు పోయాక కూడా, 44వ నంబరు జాతీయ రహదారిలాంటి వెడల్పాటి దారిని పరుగెత్తి దాటడం పిల్లల పని కాదు. అక్కడ కావాల్సింది కింది దారి లేదా పైవంతెన, వాటి దగ్గరే ఆగే బస్సు. అలాంటి స్టాపు ఉన్న బడి ఈ చిత్రాన్ని చూపించి ఊరుకోకూడదు. అక్కడి చిత్రంలో చెప్పాల్సిన మాటే వేరు, వినాల్సినవాళ్ళూ వేరు. పిల్లలు నోటు పుస్తకంలో పెట్టిన గీతలనే జోడించి పంచాయతీకి, రహదారుల శాఖకు అర్జీ పెట్టాలి. పల్లె రోడ్డు మీదైనా, మనం బిడ్డను ఆగమన్నాం కాబట్టి బండి నడిపే పెద్దవాళ్ళ బాధ్యత తీరిపోయిందని కాదు. ఆగిన బస్సు పక్కన వేగం తగ్గించమని వాళ్ళకు చెప్పే చిత్రం ఇంకొకటి కావాలి. అదీ ఒక్క మాటతోనే.

ఈ జనవరికి చిత్రం తీయబోయే బడులను మేము కోరేది ఒకటే. కాగితం, కత్తెర తీయకముందు ఒక సాయంత్రం మీ పిల్లలు దిగే స్టాపు దగ్గర అరగంట నిలబడండి. వాళ్ళ కాళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. మీ చిత్రం చెప్పాల్సిన మాట అక్కడే దొరుకుతుంది.